కొట్టు ఫోన్‌కు తప్పుడు బిల్లులు, కౌంటర్ దగ్గర సిగ్నల్ లేదు: మొబైల్ కంపెనీకి ఫిర్యాదు లేఖ ఎలా రాయాలి

తెనాలిలో మా బాబాయికి కిరాణా కొట్టు ఉంది. కొట్టుకు ఒక పోస్ట్‌పెయిడ్ నంబర్. ఆర్డర్లు వచ్చేది దానికే, బ్యాంకు మెసేజ్‌లు వచ్చేదీ దానికే. 2025 జూన్ నుంచి వరుసగా మూడు బిల్లులు తప్పుగా వచ్చాయి. అప్పటికే రెండు నెలలుగా కౌంటర్ దగ్గర సిగ్నల్ సరిగా ఉండటం లేదు. రెండో తప్పుడు బిల్లు రాగానే బాబాయి కోపంగా రెండు పేజీల లేఖ రాసి కంపెనీకి ఈమెయిల్ చేయించాడు. పదకొండేళ్లుగా మీ కస్టమర్‌ని, మీ వల్ల వ్యాపారం పోతోంది, ఇంత అన్యాయమా అని అందులో చాలా ఉంది. మూడు రోజుల తర్వాత వచ్చిన జవాబు ఒక్క వాక్యం: సిగ్నల్ విషయం నెట్‌వర్క్ విభాగానికి పంపాం, ఫిర్యాదు ముగించాం. బిల్లు గురించి ఒక్క ముక్క లేదు.

ఆ లేఖను నేను మళ్లీ చదివాను. బాబాయి రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ దాన్ని చదివే ఉద్యోగి ఏ బిల్లులో ఎంత తగ్గించాలో అందులో ఎక్కడా లేదు. తప్పు మొత్తం ఎంతో బాబాయికే లెక్క లేదు. పైగా రెండు వేర్వేరు సమస్యలను ఒకే ఊపిరిలో చెప్పేసరికి, తేలిగ్గా ముగించగలిగిన దాన్ని ముగించి రెండోది వదిలేశారు. ఆగస్టులో ఇద్దరం కూర్చుని కొత్తగా రాసిన లేఖకు ఫలితం వచ్చింది. ఆ లేఖను ఎలా తయారు చేశామో వరుసగా చెబుతాను. చివర్లో దాని పూర్తి పాఠం కూడా ఇస్తాను.

ముందు రెండు ఫిర్యాదులనూ విడదీయండి

బిల్లు తప్పును చూసేది బిల్లింగ్ విభాగం. సిగ్నల్‌ను చూసేది నెట్‌వర్క్ విభాగం, వాళ్లు టవర్ల దగ్గర పనిచేసే మనుషులు. ఒకరి దగ్గర ఉన్న వివరం రెండోవారికి కనిపించదు. అందుకే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు ఒకే కాల్‌లో రెండు ఫిర్యాదులుగా నమోదు చేయమని అడగాలి. రెండు డాకెట్ నంబర్లు, అంటే ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే సంఖ్యలు, రావాలి. చాలా కంపెనీలకు ఫిర్యాదుల నంబర్ 198, ఆ కాల్‌కు డబ్బు పడదు. టెలికాం కంపెనీల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబర్ ఇచ్చి తీరాలి. అది మెసేజ్‌లో వస్తుంది. ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి "రెండూ కలిపి రాసుకున్నాను సార్" అంటే ఒప్పుకోకండి. "బిల్లుకు ఒకటి, సిగ్నల్‌కు ఒకటి ఇవ్వండమ్మా, నేను లైన్‌లోనే ఉంటాను" అని నిదానంగా చెప్పండి. బాబాయికి రెండో నంబర్ రావడానికి ఇంకో ఆరు నిమిషాలు పట్టింది, కానీ వచ్చింది.

లేఖ మాత్రం ఒకటే చాలు. అందులో రెండు భాగాలు, ప్రతి భాగం పైన దాని డాకెట్ నంబర్.

బిల్లు లెక్క: ఎంత రావాలి, ఎంత వచ్చింది

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. లేఖ మొత్తంలో కంపెనీ వెంటనే పని చేయగలిగింది ఈ ఒక్క భాగం మీదే.

బాబాయి ప్లాన్ నెలకు 399 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 71.82. కలిపి 470.82. అంతకుముందు 499 ప్లాన్ ఉండేది. మే 20న మార్చుకున్నాడు, తర్వాతి బిల్లు నుంచి 399 అమలవుతుందని మెసేజ్ కూడా వచ్చింది. కాబట్టి జూన్ నుంచి ప్రతి బిల్లూ 470.82 రావాలి. లేఖకు పునాది ఈ అంకె. మీ విషయంలో కూడా ముందు ఇలాంటి ఒక్క అంకె తేల్చుకోండి. ప్లాన్ ధర చెప్పేటప్పుడు జీఎస్టీ కలపరు, బిల్లులో కలుస్తుంది. ఆ తేడా చూసి తప్పు జరిగిందనుకుని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటి ఒక్క పొరపాటు లేఖలో దొర్లితే మిగతాదంతా పక్కన పెట్టేస్తారు.

ఇక వచ్చిన బిల్లులు చూద్దాం. జూన్‌లో ప్లాన్ 399తో పాటు, అడగని కాలర్ ట్యూన్ లాంటి సేవ పేరుతో 99 రూపాయలు వేశారు. జీఎస్టీతో మొత్తం 587.64. ఎక్కువ పడింది 116.82. బాబాయి మొత్తం కట్టేసి జూన్ 10న ఫోన్‌లో ఫిర్యాదు చేశాడు. సరిచేశామని 13న మెసేజ్ వచ్చింది.

జూలైలో ఆ 99 మళ్లీ వచ్చింది. దానికి తోడు ప్లాన్ ధర పాత 499కి వెళ్లిపోయింది. మొత్తం 705.64. ఎక్కువ పడింది 234.82. ఈసారి బాబాయి పంతానికి పోయి 470.82 మాత్రమే కట్టాడు.

ఆగస్టులో 99 పోయింది. కానీ ప్లాన్ ఇంకా 499 గానే ఉంది. జూలైలో పూర్తిగా కట్టలేదని 50 రూపాయల ఆలస్య రుసుము వేశారు. ఆ నెల ఛార్జీలు జీఎస్టీతో 647.82. ఎక్కువ పడింది 177. దాని కింద పాత బాకీ అని జూలైలో కట్టని 234.82 కలిపారు. బిల్లు అడుగున ఉన్న మొత్తం 882.64.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు చెబుతాను, మేమూ మొదట అదే చేశాం. 882.64 లోంచి 470.82 తీసేసి ఆగస్టులో 411.82 ఎక్కువ పడిందని రాసుకున్నాం. జూలై 234.82, జూన్ 116.82 కలిపి 763.46 అని తేల్చాం. అది తప్పు. ఆగస్టు బిల్లులోని పాత బాకీ, జూలై తేడా ఒక్కటే. దాన్ని రెండుసార్లు లెక్క వేశాం. ఏ నెలకు ఆ నెల కొత్త ఛార్జీలు మాత్రమే చూడాలి, పాత బాకీ వరుసను ముట్టుకోకూడదు. అప్పుడు 116.82, 234.82, 177 కలిపి 528.64 వస్తుంది.

ఈ అంకె సరైనదో కాదో చూసుకోవడానికి ఇంకో దారి ఉంది. మీరు నిజంగా కట్టిన డబ్బంతా ఒకచోట కూడండి. కట్టాల్సిన డబ్బు ఇంకోచోట కూడండి. బాబాయి ఆగస్టు బిల్లు మొత్తం కట్టేశాడు, ఎందుకో కింద చెబుతాను. అంటే కట్టింది 587.64, 470.82, 882.64, మొత్తం 1941.10. కట్టాల్సింది మూడు నెలలకు 1412.46. తేడా 528.64. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే ఇక ఆ లెక్కను ఎవరూ కదపలేరు. రాకపోతే లేఖ పంపకండి, తప్పు ఎక్కడుందో వెతకండి.

గొడవ తేలేదాకా బిల్లు కట్టాలా?

జూలైలో బాబాయి చేసినట్టు న్యాయమైన మొత్తం మాత్రమే కట్టడం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కంపెనీ కంప్యూటర్‌కు అది బాకీగానే కనిపిస్తుంది. ఆలస్య రుసుము పడింది. ఆగస్టు 14న అవుట్‌గోయింగ్ ఆపేస్తామని మెసేజ్ వచ్చింది. ఆ నంబర్ యూపీఐకి, బ్యాంకు ఖాతాకు, సరుకు ఇచ్చే ఏజెన్సీలకు అన్నిటికీ అదే. ఆ నంబర్ ఒక్క రోజు ఆగినా కొట్టు నడవడం కష్టం. ఇంకో చిక్కు కూడా ఉంది. పోస్ట్‌పెయిడ్ నంబర్‌కు గడువు దాటిన బాకీ ఉంటే వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవడానికి ఒప్పుకోరు. విసిగిపోయి వెళ్లిపోదామన్నా దారి మూసుకుపోతుంది.

అందుకే నా సలహా: కొట్టు నంబర్ అయితే పూర్తిగా కట్టేయండి. కట్టిన రోజే "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, ఎక్కువ పడిన మొత్తం తిరిగి కావాలి" అని కంపెనీకి ఒక చిన్న ఈమెయిల్ పంపండి. అలా పంపితే, కట్టేశారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనే వాదన రాదు. బాబాయి ఆగస్టు 18న అలాగే చేశాడు.

అడగని సేవల విషయంలో ఇంకో మాట. ఇలాంటివి మొదలుపెట్టే ముందు కస్టమర్ నుంచి స్పష్టమైన ఒప్పుకోలు తీసుకోవాలని ట్రాయ్ ఆదేశం ఉంది. కాబట్టి "నేను అడగలేదు" అని రాసి ఊరుకోకండి. "నా ఒప్పుకోలు ఏ తేదీన, ఏ సమయానికి, ఏ విధంగా తీసుకున్నారో ఆ రికార్డు ఇవ్వండి" అని అడగండి. రికార్డు లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వడం తప్ప వాళ్లకు మార్గం ఉండదు. ఆ సేవను ఆపడానికి 155223 నంబర్ ఉంది.

సిగ్నల్: గీతలు కాదు, అంకెలు రాయండి

"సిగ్నల్ ఉండటం లేదు" అని రాస్తే నెట్‌వర్క్ విభాగం వాళ్లు తమ తెర మీద మీ ప్రాంతాన్ని చూస్తారు. టవర్ పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, అంతా బాగానే ఉందని ముగిస్తారు. ఫోన్ పైన కనిపించే గీతలు కూడా సాక్ష్యం కాదు. ఒక్కో ఫోన్ కంపెనీ వాటిని ఒక్కోలా చూపిస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అని ఉంటుంది. అందులో సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ బలం dBm లో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇది ఇంకో మెనూ లోపల ఉంటుంది. ఐఫోన్‌లో అయితే *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. మైనస్ తర్వాత అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత బలహీనం. ఫోర్‌జీలో -90 దగ్గర ఉంటే హాయిగా నడుస్తుంది. -105 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. -115 దాటితే కాల్ నిలబడటం కష్టం. ఈ అంకెల్లో పది తేడా అంటే ఫోన్‌కు అందే శక్తి పదో వంతుకు పడిపోయినట్టు.

మేము మూడు చోట్ల చూశాం. కౌంటర్ దగ్గర -118. కొట్టు గుమ్మంలో -111. రోడ్డు మీద -104. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదింటికి, అలా మూడు రోజులు నోట్‌బుక్‌లో రాశాం. అంకెలు ఏ పూటైనా రెండు మూడుకు మించి మారలేదు. ఇది చాలా ముఖ్యమైన విషయం. సిగ్నల్ అంకె బాగానే ఉండి రాత్రిపూట మాత్రమే నెట్ నెమ్మదిస్తే అది రద్దీ, ఆ టవర్ మీద జనం ఎక్కువైపోయారని అర్థం. రోజంతా అంకె బాగోకపోతే ఆ చోటికి సిగ్నలే సరిగా చేరడం లేదు. రెండింటికీ మందు వేరు. మీది ఏదో మీరే రాస్తే వాళ్ల పని సగం అయిపోతుంది.

కంపెనీ చెప్పగల సాకులను కూడా ముందే చూసుకున్నాం. మొదటిది, మీ ఫోన్‌లో లోపం ఉందని. సిమ్ తీసి పిన్ని ఫోన్‌లో వేసి చూశాం, అదే -118. రెండోది, మీ బిల్డింగ్ స్లాబు, ఇనుప షట్టర్ సిగ్నల్‌ను ఆపుతున్నాయని. ఇందులో కొంత నిజం ఉంటుంది. కౌంటర్‌కూ రోడ్డుకూ 14 తేడా అంటే, కౌంటర్ దగ్గర అందేది రోడ్డు మీద దాంట్లో పాతికో వంతు. అయితే అదే కౌంటర్ మీద, అదే నిమిషంలో వేరే కంపెనీ సిమ్ -99 చూపించింది. అన్నిటికంటే బలమైన మాట ఇంకోటి: మార్చి నెలాఖరు దాకా ఇదే కౌంటర్ దగ్గర ఇదే ఫోన్‌లో బాబాయి మాట్లాడేవాడు. షట్టర్ మారలేదు, గోడ మారలేదు. ఏప్రిల్‌లో మారింది నెట్‌వర్కే. మొదటినుంచీ సిగ్నల్ లేని చోటు అయితే కంపెనీ త్వరగా ఏమీ చేయలేదు. ఉండి పోయిన సిగ్నల్ అయితే ఏదో ఒక యాంటెన్నా చెడి ఉండాలి, లేదా దాని దిక్కు మార్చి ఉండాలి. అది సరిచేయగలిగిన పని. కాబట్టి ఎప్పటినుంచి అనేది తప్పకుండా రాయండి.

కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్‌లో పెట్టాలని ట్రాయ్ 2024 నాటి సేవా నాణ్యత నిబంధనల్లో చెప్పింది. మీ వీధి ఆ మ్యాపులో రంగు వేసి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి లేఖకు జత చేయండి. మీకు దగ్గరలో ఏ టవర్లు ఉన్నాయో చూడాలంటే కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది. పక్క కొట్ల వాళ్లలో అదే కంపెనీ సిమ్ వాడేవాళ్లుంటే వాళ్ల నంబర్లతో లేఖ కింద సంతకాలు పెట్టించండి. మాకు టైలర్ షాపు ఆయన, మందుల షాపు ఆయన పెట్టారు.

యూపీఐ గురించి జాగ్రత్తగా రాయాలి. బాబాయి మొదటి లేఖలో "మీ సిగ్నల్ వల్ల కస్టమర్ల పేమెంట్లు ఫెయిలవుతున్నాయి" అని ఉంది. క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు పంపేది కొనేవాళ్ల ఫోన్, అది వాళ్ల సిమ్ మీద నడుస్తుంది. సౌండ్ బాక్స్‌కు లోపల వేరే సిమ్ ఉంటుంది. అందుకే అది బ్యాంకు సమస్య అని తేలిగ్గా తోసేయొచ్చు. నిజంగా బాబాయికి జరిగేది వేరు: డబ్బు పడిన మెసేజ్ ఆలస్యంగా వస్తుంది, ఆర్డర్ చెప్పే కాల్స్ మధ్యలో తెగిపోతాయి, కొన్నిసార్లు నంబర్ అందుబాటులో లేదని వినిపిస్తుంది. అవి మాత్రమే రాశాం. మూడు రోజుల్లో తెగిపోయిన కాల్స్ తొమ్మిది, వాటి సమయాలు కాల్ లిస్టులోంచి తీసి రాశాం.

ఈలోగా ఎవరైనా సిగ్నల్ బూస్టర్ అమ్ముతామంటే కొనకండి. అనుమతి లేకుండా అలాంటి పరికరం పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. పైగా అది చుట్టుపక్కల వాళ్ల సిగ్నల్‌ను కూడా పాడు చేస్తుంది. కొట్లో వైఫై ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు, దానికి విడిగా డబ్బు పడదు.

లేఖ

మేము పంపిన లేఖ ఇది. పేరు, నంబర్లు మాత్రం ఖాళీగా ఉంచాను. తెలుగులోనే రాశాం. బిల్లు వరుసల పేర్లు మాత్రం బిల్లు మీద ఎలా ఉన్నాయో అలాగే ఇంగ్లీషులో రాయండి, వాళ్ల తెర మీద అవే ఉంటాయి.

తేదీ: 19 ఆగస్టు 2025
స్థలం: తెనాలి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: పోస్ట్‌పెయిడ్ నంబర్ ______ (ఖాతా సంఖ్య ______). మూడు బిల్లుల్లో ఎక్కువగా వసూలు చేసిన రూ. 528.64 సర్దుబాటు కోసం, కొట్టు దగ్గర బలహీన సిగ్నల్ తనిఖీ కోసం.

అయ్యా,

నేను తెనాలిలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుని జీవిస్తున్నాను. పై నంబర్‌ను నా స్వయం ఉపాధి కోసం వాడుతున్నాను. నాకు రెండు వేర్వేరు సమస్యలున్నాయి. దయచేసి రెండింటికీ విడివిడిగా జవాబు ఇవ్వండి.

మొదటి భాగం: బిల్లులు. డాకెట్ నంబర్ ______, తేదీ 19.8.2025.
20.5.2025న నా ప్లాన్ రూ. 499 నుంచి రూ. 399కి మారింది. మీ మెసేజ్ జత చేశాను. జీఎస్టీతో నెలకు రావాల్సింది రూ. 470.82.
జూన్: ఆ నెల ఛార్జీలు రూ. 587.64. నేను కోరని సేవకు రూ. 99 వేశారు. ఎక్కువ పడింది రూ. 116.82.
జూలై: ఆ నెల ఛార్జీలు రూ. 705.64. అదే సేవకు మళ్లీ రూ. 99 వేశారు, ప్లాన్ రూ. 499 గా వేశారు. ఎక్కువ పడింది రూ. 234.82.
ఆగస్టు: ఆ నెల ఛార్జీలు రూ. 647.82. ప్లాన్ రూ. 499 గా వేశారు, ఆలస్య రుసుము రూ. 50 వేశారు. ఎక్కువ పడింది రూ. 177.00.
మొత్తం రూ. 528.64.
ఆలస్య రుసుము మీ జూలై బిల్లులోని తప్పు వల్లే వచ్చింది. మూడు బిల్లులూ పూర్తిగా చెల్లించాను, ఆగస్టు బిల్లును 18.8.2025న అభ్యంతరం తెలుపుతూ చెల్లించాను. ఇదే విషయమై 10.6.2025న, 8.7.2025న ఫిర్యాదు చేశాను (డాకెట్లు ______, ______). రెండూ సరిచేయకుండానే ముగించారు.
నేను కోరేవి: రూ. 528.64 నా ఖాతాలో జమ చేయండి. ప్లాన్ రూ. 399 గా సరిచేసి రాతపూర్వకంగా తెలపండి. రూ. 99 సేవకు నా ఒప్పుకోలు తీసుకున్న రికార్డు ఇవ్వండి.

రెండో భాగం: సిగ్నల్. డాకెట్ నంబర్ ______, తేదీ 19.8.2025.
చోటు: ______ (డోర్ నంబర్, వీధి, పిన్ కోడ్, మ్యాప్ లింకు). ఏప్రిల్ 2025 నుంచి సమస్య ఉంది, అంతకుముందు లేదు.
ఆగస్టు 15, 16, 17 తేదీల్లో ఫోర్‌జీ సిగ్నల్: కౌంటర్ దగ్గర -118 dBm, గుమ్మంలో -111, రోడ్డు మీద -104. ఏ సమయంలో చూసినా దాదాపు ఇంతే. వేరే ఫోన్‌లో సిమ్ వేసినా ఇంతే. అదే కౌంటర్ మీద వేరే కంపెనీ సిగ్నల్ -99. ఆ మూడు రోజుల్లో తొమ్మిది కాల్స్ తెగిపోయాయి. జాబితా జత చేశాను.
నేను కోరేవి: మీ సాంకేతిక సిబ్బంది వచ్చి కొట్టు దగ్గర కొలతలు తీసుకుని, కారణాన్ని, సరిచేసే తేదీని రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
______

జత చేసినవి: మూడు బిల్లులు, చెల్లింపు రసీదులు, ప్లాన్ మార్పు మెసేజ్, పాత డాకెట్ మెసేజ్‌లు, సిగ్నల్ కొలతలు, తెగిపోయిన కాల్స్ జాబితా, పక్క కొట్ల వారి సంతకాలు.

"స్వయం ఉపాధి" అనే మాట ఎందుకు పెట్టామో చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారులు కారు. కానీ తన బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధికి మాత్రమే తీసుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. రేపు వ్యవహారం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే కంపెనీ తరఫున మొదట లేచే అభ్యంతరం ఇదే. మొదటి లేఖలోనే ఆ మాట ఉంటే మంచిది.

లేఖలో నష్టపరిహారం అడగలేదని మీరు గమనించే ఉంటారు. వ్యాపారం ఎంత పోయిందో లెక్క కట్టి ఇచ్చే అధికారం ఫిర్యాదుల విభాగానికి ఉండదు. యాభై వేలు ఇవ్వండి అని రాస్తే, 528 రూపాయల న్యాయమైన కోరిక కూడా దాని వెనక పడిపోతుంది.

ఎలా పంపాలి, తర్వాత ఏమిటి

బిల్లు వెనక ఉన్న ఫిర్యాదుల ఈమెయిల్‌కు పంపండి. అదే రోజు స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపి రసీదు దాచండి. ఇది మా బాబాయి తరం అలవాటే అయినా, ఈమెయిల్ అందలేదని చెప్పే అవకాశం లేకుండా చేస్తుంది. ఈ లేఖను ట్రాయ్‌కి పంపి ఎదురుచూడకండి. ట్రాయ్ విడి కస్టమర్ల ఫిర్యాదులను తేల్చదు, వచ్చిన వాటిని కంపెనీకే పంపిస్తుంది. ప్రతి కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, అప్పీలు అధికారి వివరాలు మాత్రం ట్రాయ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

బిల్లింగ్ ఫిర్యాదుకు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. "పరిష్కరించాం" అనే మెసేజ్ వస్తే సంతోషపడి వదిలేయకండి. స్క్రీన్‌షాట్ తీసి తేదీ రాసుకోండి. ఎందుకంటే ఆ రోజు నుంచి 30 రోజుల్లోపు కంపెనీ అప్పీలు అధికారికి అప్పీలు చేయాలి. జవాబే రాకపోతే గడువు ముగిసిన రోజు నుంచి లెక్క. బాబాయి జూన్ డాకెట్‌కు ఆ 30 రోజులూ దాటిపోయాయి, అందుకే మూడు బిల్లులకూ కలిపి ఆగస్టులో కొత్త డాకెట్ తీసుకున్నాం.

అప్పీలుకు ఫీజు లేదు. ఈమెయిల్‌లో పంపొచ్చు, 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి pgportal.gov.in ద్వారా పంపొచ్చు. లేదంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. టెలికాం ఫిర్యాదులను ఈ కమిషన్లు వినవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. సేవకు మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉండే ఊరి జిల్లాలోనే వేయొచ్చు. వ్యాపార నష్టం గురించి అడగాల్సింది అక్కడే.

బాబాయి విషయంలో పన్నెండో రోజున 351.64 జమ చేసినట్టు మెసేజ్ వచ్చింది. అది జూన్, జూలై తేడా మాత్రమే. ఆగస్టు 177 వదిలేశారు. లెక్క నెలవారీగా రాసి ఉండటం వల్ల ఏది వదిలారో చూడగానే తెలిసిపోయింది. అప్పీలు రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు: డాకెట్ నంబర్, కోరింది 528.64, ఇచ్చింది 351.64, మిగిలింది ఆగస్టు తాలూకు 177, కారణం పాత లేఖలోనే ఉంది, అంతే. సిగ్నల్ కోసం సెప్టెంబర్ మొదటి వారంలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కౌంటర్ దగ్గర, రోడ్డు మీద కొలిచి, వీధి చివరి టవర్‌లో మా వైపు ఉన్న యాంటెన్నాను చూడాలని చెప్పి వెళ్లారు. రెండు వారాల తర్వాత కౌంటర్ దగ్గర -109 వచ్చింది. కాల్స్ తెగడం లేదు, నెట్ మాత్రం ఇంకా నెమ్మదే. ఆ మాట మళ్లీ అదే డాకెట్ నంబర్‌తో రాశాం. అక్టోబర్ బిల్లులో 399 ప్లాన్ కింద మైనస్ గుర్తుతో 177.00 అని ఒక వరుస కనిపించింది. బాబాయి ఆ బిల్లు ప్రింట్ తీయించి, ఆగస్టు లేఖ ఉన్న ఫైల్లోనే పెట్టాడు.